గీత కదలని మధ్యాహ్నం

వీరదుర్గ పుట్టిన ఇంట్లో భయం కూడా ఒక మనిషే. తండ్రి బుల్లియ్య సముద్రం మీద చేపల వేటకెళ్లినప్పుడల్లా ఆ మనిషి వచ్చి గుమ్మం పక్కన కూర్చునేది. తల్లి మరిడమ్మ దాన్ని పలకరించేది కాదు, పొమ్మనేదీ కాదు. పడవ తిరిగొచ్చాక అదే లేచి పోయేది. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల కంప్యూటర్ల ఉద్యోగంలో చేరితే ఇక భయం ఉండదని అందరూ అనుకున్నారు. ఏసీ గదిలో కూర్చునే ఉద్యోగం మరి. అందరికంటే ఎక్కువగా ఆమే అనుకుంది.

పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, కేబుల్ ఇంటర్నెట్ ఆఫీసులో నాలుగేళ్లు తీగలు మోసి, ఆ తర్వాత నరసాపురం దాటాక రోడ్డు పక్కనుండే రొయ్యల ఫ్యాక్టరీలో నెట్‌వర్క్ పనికి కుదిరింది. వయసు ఇరవై తొమ్మిది. ఎవరు ఏ తప్పు చేసినా ముందు తన తప్పేమోనని చూసుకునే రకం. ఆ గుణం వల్ల పని బాగా చేసేది, నిద్ర మాత్రం సరిగా పోయేది కాదు.

మరిడమ్మ కూడా ఆ ఫ్యాక్టరీలోనే పని చేస్తుంది. కూతురి కంటే పదేళ్ల ముందే చేరింది. రొయ్యల తలలు గిల్లి, పొట్టు ఒలిచే హాల్లో, తెల్ల టోపీ పెట్టుకుని, గమ్ బూట్లు వేసుకుని, ఐసు నీళ్లలో చేతులు పెట్టి పొద్దంతా నిలబడుతుంది. ఆ హాల్లో ఆమెతో పాటు నూట అరవై మంది ఆడవాళ్లు. చాలామంది గట్టున పడవ కట్టేసిన ఇళ్లవాళ్లే. వేట నిషేధం ఉన్న నెలల్లో ఆ ఇళ్లు నడిచేది ఈ హాలు మీదే.

ఆ హాలు వెనక గోడకు అవతల ఫ్రీజర్ల నడవా ఉంటుంది, దాని పక్కన కంప్రెసర్ల గది. రొయ్యను గడ్డకట్టించే చలి అమోనియాతో వస్తుంది. ఫ్యాక్టరీలో దాన్ని అమోనియా అనరు, గ్యాస్ అంటారు. ఆ మాటను కాస్త మెల్లగా అంటారు. పైపుల్లో ఉన్నంతసేపు అది పని చేస్తుంది. బయటికొస్తే కళ్లు మండిస్తుంది, ఊపిరి పట్టేస్తుంది, ఎక్కువైతే మనిషిని కింద పడేస్తుంది.

అందుకని నడవా కప్పుకు గ్యాస్‌ను పసిగట్టే పరికరాలు పెట్టారు. అవి పసిగట్టింది కంప్రెసర్ల గదిలోని ఒక పెట్టెకు చేరుతుంది. అక్కణ్ణుంచి అదే గదిలో ఇనప బీరువాలో ఉన్న నెట్‌వర్క్ స్విచ్ (కంప్యూటర్ల తీగలన్నీ కలిపే పెట్టె) గుండా కంట్రోల్ రూమ్ కంప్యూటర్‌కు వెళుతుంది. గాలిలో గ్యాస్ లెక్క ప్రమాదపు గీత దాటితే ఆ కంప్యూటర్ ఆడవాళ్ల హాల్లో సైరన్ మోగిస్తుంది. పెట్టె నుంచి సైరన్‌కు నేరుగా తీగ లాగితే ఇంత తిరుగుడు ఉండేది కాదు. లాగలేదు. కట్టినవాళ్లు అలా కట్టారు, తర్వాత వచ్చినవాళ్లు అలాగే వదిలేశారు. కాబట్టి ఆ బీరువాలోని స్విచ్ ఆగిపోతే హాల్లో సైరన్ మోగదు. ఈ సంగతి ఫ్యాక్టరీలో పూర్తిగా తెలిసింది వీరదుర్గ ఒక్కదానికే. తెలిసిన రోజు నుంచీ ఆమె గుమ్మం పక్కన కూడా ఒక మనిషి కూర్చుంది.

ఆమె చేయగలిగింది చేసింది. ఫ్యాక్టరీలో ఉన్న ఆరు స్విచ్‌లనూ ఐదు నిమిషాలకోసారి పలకరించే చిన్న ప్రోగ్రాం రాసుకుంది. నీ సీపీయూ ఎంత పనిలో ఉంది, తీగ గుచ్చే నీ ఒక్కో పోర్టులో ఎన్ని బైట్లు పోయాయి, నీ ఒంట్లో వేడి ఎంత అని అడుగుతుంది. బైట్ల లెక్క పెరుగుతూనే పోయే మీటరు లాంటిది కాబట్టి, ఇప్పటి అంకెలోంచి ఐదు నిమిషాల కిందటి అంకె తీసేసి, ఆ పోర్టు మోయగలిగే వేగంతో పోల్చి, నూటికి ఎంత వాడుతోందో తేలుస్తుంది. ఆ మూడింటినీ గీతలుగా గీసి గోడ మీది టీవీలో చూపిస్తుంది. విదేశాల కొనుగోలుదారులు తనిఖీకి వచ్చినప్పుడు అడిగారని, ఈ పలకరింపంతా ఎస్‌ఎన్‌ఎంపీ అనే పరికరాల భాషలో, దాని మూడో వెర్షన్‌లో పెట్టింది. పాత వెర్షన్లలో రహస్యపు మాట తీగ మీద బట్టబయలుగా పోయేది. మూడోదానిలో పేరు, దానికి రెండు పాస్‌వర్డ్‌లు ఉంటాయి. ఒకటి అడిగేది ఎవరో రుజువు చేయడానికి, రెండోది మాటను మూసి పంపడానికి.

గీతలు వచ్చాక కంప్రెసర్ల గదితో ఒక వింత బంధం మొదలైంది. అక్కడి ఆపరేటర్ ముసలయ్య పేరుకే ముసలయ్య, యాభై దాటలేదు. రోజూ పదిన్నరకు గొట్టంతో నేల కడిగించేవాడు. ఉప్పునీళ్లు బీరువాలోకి చిమ్మకుండా దాని మీద నీలం బరకం కప్పేవాడు. కడగడం అయ్యాక బరకం తీయడం మరిచిపోయేవాడు. లోపల స్విచ్ ఉక్కిరిబిక్కిరై వేడెక్కేది, గీత లేచేది, వీరదుర్గ ఫోన్ చేసేది.

“బాబాయ్, బరకం తియ్యి.”

“ఆయ్, తీసేత్తన్నానమ్మా. నువ్వు సెప్పేదాకా నాకు గుర్తుండి చావదు.”

రోజూ ఇదే మాట. కొన్నాళ్లకు ముసలయ్య గుర్తుపెట్టుకోవడమే మానేశాడు. ఫోన్ వస్తే తీసేవాడు, రాకపోతే బీరువా హాయిగా ఉందనుకునేవాడు. తన మతిమరుపును తీసుకెళ్లి ఆ పిల్ల గీతకు అప్పజెప్పి నిశ్చింతగా ఉన్నాడు.

రెండో వింత యజమానిది. గున్నేశ్వరరావు గారు బజారులో కిరాణా హోల్‌సేలు చేసిన కుటుంబం నుంచి వచ్చి ఈ ఫ్యాక్టరీ పెట్టారు. చెడ్డమనిషి కాదు గానీ చూసేవాళ్ల కంటికి అన్నీ నిండుగా కనిపించాలి. అప్పుడప్పుడు ఏదో స్విచ్ జవాబివ్వక గీత మధ్యలో ఖాళీ పడేది. ఒకసారి కొనుగోలుదారుల ముందు ఆ ఖాళీలు చూసి ఆయనకు ఒళ్లు మండింది.

“ఏంటమ్మా ఇది, పళ్లూడిన నోరులాగా? వచ్చినవాళ్లు ఏమనుకుంటారు? ఖాళీలు కనపడకూడదు.”

“జవాబు రానప్పుడు ఖాళీ ఉండాలండి.”

“ఉండకూడదంటున్నాగా.”

వీరదుర్గ రెండు రోజులు నలిగి, చివరికి ప్రోగ్రాంలో ఒక వరుస రాసింది. జవాబు రాకపోతే కిందటిసారి వచ్చిన అంకెనే మళ్లీ గీయమని. గీత నిండుగా వచ్చింది. ఆయన సంతోషించారు. ఆమె ఆ వరుస రాసిన రోజున అన్నం సరిగా తినలేదు, ఎందుకో మరిడమ్మకు చెప్పలేదు.

ఆ మేలో ఒక గురువారం పొద్దున్నే కంప్రెసర్ల గది స్విచ్‌లో రెండు పోర్టులు చచ్చిపోయాయి. ఉప్పుగాలి తినేసింది. స్టోర్‌లో కొత్తది ఒకటి ఉంది. చెరువుల నుంచి లారీలు అప్పటికే గేటు ముందు వరుసకట్టాయి, ఎనిమిదింటికల్లా ఆడవాళ్లు హాల్లోకి వస్తారు. ఒక్కో సెట్టింగు కొత్తగా పెట్టుకుంటూ కూర్చునే వ్యవధి లేదు. ప్యాకింగ్ హాల్లో అదే కంపెనీ స్విచ్ ఏళ్లుగా నడుస్తోంది. దాని సెట్టింగుల ఫైలు మొత్తం తీసి కొత్తదాన్లో పోసి, పేరు మార్చి, ఐపీ అడ్రసు మార్చింది. ఆ ఫైల్లో ఇంజిన్ ఐడీ అని ఒక పొడుగాటి అంకె ఉంది. మూడో వెర్షన్‌లో ప్రతి స్విచ్‌కూ తనదంటూ ఉండాల్సిన గుర్తు అది. పాస్‌వర్డ్‌ల నుంచి చేసిన తాళాలు కూడా ఆ గుర్తుతోనే ముడిపడి ఉంటాయి. దాన్ని మారిస్తే పేరూ పాస్‌వర్డ్‌లూ మళ్లీ పెట్టాలి. అలాగే ఉంచితే వెంటనే పనిచేస్తుంది. సాయంత్రం తీరిగ్గా మారుద్దామనుకుని ఉంచేసింది.

ప్రోగ్రాంను ఆపి మళ్లీ మొదలుపెట్టింది. జాబితాలో కంప్రెసర్ల గది మొదటిది. జవాబు వచ్చింది: సీపీయూ తొమ్మిది శాతం, వేడి నలభై ఆరు డిగ్రీలు. హమ్మయ్య అనుకుని కేబుళ్లు సర్దుకుని తన గదికి వెళ్లి కూర్చుంది.

పదకొండింటికి టీవీ వైపు చూసింది. గీత ప్రశాంతంగా ఉంది. పన్నెండింటికి చూసింది, ప్రశాంతంగానే ఉంది. ముసలయ్య ఇవాళ బరకం తనంతట తనే తీసేశాడు కాబోలని నవ్వుకుంది కూడా. బయట ఎండ రేకులు కరిగించేస్తోంది. ఏసీ గదిలో ఆ సంగతి తెలియదు. పన్నెండున్నర దాటాక క్యారేజీ తెచ్చుకోవడానికి వరండాలోకి వచ్చేసరికి వడగాలి చెంప మీద కొట్టింది. నాలుగడుగులు వేసి ఆగిపోయింది.

మేలో, మిట్టమధ్యాహ్నం, రేకుల షెడ్డు కింద ఉన్న గదిలో, వేడి గీత లేవకుండా ఎలా ఉంది?

వెనక్కి పరిగెత్తింది. వేడి: నలభై ఆరు. ఎనిమిదింటికీ నలభై ఆరే, పన్నెండున్నరకూ నలభై ఆరే. సీపీయూ తొమ్మిది, ఎప్పుడూ తొమ్మిదే. పోర్టు గీత స్కేలు పెట్టి గీసినట్టుంది. అదే తీగకు రెండో కొస, అన్ని స్విచ్‌లూ కలిసే మెయిన్ స్విచ్‌లో ఉంది. ఆ కొస గీత పైకీ కిందికీ మామూలుగా ఊగుతోంది. ఒకే తీగలో ఒక కొసన పోయింది రెండో కొసన రావాలి కదా. ఇక్కడ ఊగుతూ అక్కడ నిలబడటం జరగదు. గీత అబద్ధం చెబుతోంది. చెప్పమని నేర్పింది తనే.

ప్రోగ్రాం తను చేసిందంతా రాసుకునే దినచర్య ఫైలు తెరిచింది. ఎనిమిదీ పది నుంచి వరుసగా ఒకే ఫిర్యాదు ఉంది, కాలపరిమితి దాటిన సందేశం అని. చదవగానే కథంతా అర్థమైంది. మూడో వెర్షన్‌లో పాత సందేశాన్ని దొంగిలించి మళ్లీ పంపే మోసాన్ని ఆపడానికి, ప్రతి స్విచ్ ఎన్నిసార్లు మొదలైందీ, మొదలై ఎన్ని సెకన్లయిందీ ప్రోగ్రాం గుర్తుంచుకుంటుంది. గుర్తుంచుకునేది ఇంజిన్ ఐడీ పేరు మీద. ఇప్పుడు ఆ ఐడీ రెండింటికి ఉంది. ప్యాకింగ్ హాలు స్విచ్ ఏళ్లలో ముప్పైసార్లు మొదలైంది, కొత్తది రెండుసార్లు. మొదటి విడతలో కొత్తదాని జవాబు దక్కింది. తర్వాత పాతదాన్ని పలకరించాక, ఆ ఐడీ గలది ముప్పైసార్లు మొదలైనదని ప్రోగ్రాం రాసుకుంది. ఆ పైన కొత్తది ఇచ్చిన ప్రతి జవాబునూ పాత సందేశమని పారేసింది. పారేసిన చోటల్లా నలభై ఆరు గీసింది. మధ్యలో హెచ్చరిక కూడా ఏమీ మోగలేదు, ఎందుకంటే నలభై ఆరు మంచి అంకె.

అంటే బరకం పదిన్నర నుంచి అలాగే ఉంది. ఫోన్ ఎవరూ చేయలేదు.

ముసలయ్యకు ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. కంప్రెసర్ల మోతకు చెవులు మూసుకుని ఉంటాడు. మళ్లీ చేసింది. చేస్తూనే టీవీ వైపు చూసింది. మెయిన్ స్విచ్ కొసన ఊగుతున్న గీత కొత్త చుక్క దగ్గర నేలకు పడింది. సున్నా. ఆ చుక్క ఐదు నిమిషాల లెక్క, అంటే అంతకు ముందే ఎప్పుడో బీరువాలో స్విచ్ వేడికి తనను తాను ఆపేసుకుంది. పక్కన కంప్రెసర్ల గది గీత మాత్రం నలభై ఆరు దగ్గర హాయిగా సాగిపోతోంది.

గ్యాస్ వచ్చిందో లేదో వీరదుర్గకు తెలియదు. వస్తే ఎవరికీ తెలియదన్నది మాత్రం తెలుసు. గోడ ఇవతల నూట అరవై మంది, వాళ్లలో అమ్మ.

ఆమె కంట్రోల్ రూమ్‌లోకి దూసుకెళ్లేసరికి అక్కడ గున్నేశ్వరరావు గారే ఉన్నారు, కంటైనర్ ఎన్నింటికి కదులుతుందో ఫోన్‌లో మాట్లాడుతున్నారు. గ్యాస్ తెర మీద అంకెలు చక్కగా పచ్చగా ఉన్నాయి. మూలన చిన్న బూడిదరంగు గుర్తు ఒకటి మాత్రం వెలిగింది. అది సంబంధం తెగిందనే గుర్తు. దాన్ని ఎవరూ చూడరు.

“సార్, హాలు ఖాళీ చేయించాలండి. ఇప్పుడే.”

“గ్యాస్ లీకైందా?”

“తెలీదండి.”

“తెలీదేంటి? తెర మీద అంతా పచ్చగానే ఉందిగా.”

“అది పాత లెక్కండి. కంప్రెసర్ల గది స్విచ్ ఆగిపోయింది. అక్కణ్ణుంచి మనకి ఏ మాటా రావట్లేదు. గ్యాస్ వచ్చినా సైరన్ మోగదండి.”

ఆయన ఫోన్ దించి ఆమె వంక చూశారు. “టీవీలో గీత బానే ఉందమ్మా. పొద్దుట్నుంచీ చూస్తన్నా.”

“ఆ గీత అబద్ధమండి. ఖాళీలు కనపడకుండా నేనే అలా రాశాను. ఎనిమిదింటి నుంచీ ఆ స్విచ్ గురించి మనకేం తెలీదు.”

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఉద్యోగం పోయిందని ఆ క్షణంలోనే లెక్కేసుకుంది. దానికి పెద్దగా బాధ కూడా కలగలేదు, అంతకంటే పెద్ద భయం అడ్డంగా నిలబడి ఉంది.

“సరే, ముందు నువ్వెళ్లి చూసి రా. ఏదైనా ఉంటే అప్పుడు ఆపుదాం. లోపల సరుకెంత ఉందో తెలుసా? ఐసు కరిగితే…”

“చూసొచ్చేలోపు వస్తేనండి?”

వీరదుర్గ ఆయన పక్కనుంచి చెయ్యి చాపి, చేత్తో సైరన్ మోగించే బొత్తాం నొక్కింది. ఆ సైరన్ ప్యాకింగ్ హాలు స్విచ్ మీద ఉంది, దానికి ఏ రోగమూ లేదు. గోడల అవతల అది ఏడవడం మొదలుపెట్టింది. దాన్ని ఆపడానికి గున్నేశ్వరరావు గారి చెయ్యి బొత్తాం వైపు వెళ్లలేదు. అది ఆయన గొప్పతనమే, చెప్పుకోవాలి.

సైరన్ మోగితే ఆడవాళ్లు పరిగెత్తుకొస్తారనుకుంటే పొరపాటు. వీరదుర్గ హాలు తలుపు తోసేసరికి సగం మంది తలలెత్తి చూస్తున్నారు, సగం మంది ఒలుస్తూనే ఉన్నారు. నెలకోసారి ఉత్తుత్తి సైరన్ మోగించి, బయట నిలబెట్టి, మళ్లీ లోపలికి తోలడం వాళ్లకు అలవాటే. ఒలిచినదాన్ని బట్టే కూలి కాబట్టి, చేతిలో గిన్నె నిండకుండా ఎవరూ కదలరు. సూపర్‌వైజర్ సత్యవాణి ప్రాక్టీసు తేదీల చీటీ వెతుక్కుంటోంది.

“దుర్గా, ఇవాళ ప్రాక్టీసని నాకెవరూ చెప్పలేదేంటే?”

“ప్రాక్టీసు కాదు సత్యవాణక్కా. బయటికి పంపించు. గిన్నెలు వదిలెయ్యమను.”

“గ్యాసా?”

అబద్ధం ఆడితే అందరూ క్షణంలో బయటపడతారు, కానీ తొక్కిసలాటలో తడి నేల మీద ఎవరు పడతారో తెలియదు. నిజం చెబితే ఎవరూ కదలరేమో. ఆమె ఎటూ తేల్చుకోకముందే మూడో బల్ల దగ్గర నుంచి మరిడమ్మ కూతురి మొహం చూసింది. ఆ మొహం ఆమెకు తెలుసు. గాలి తిరిగిన రోజున గట్టు మీద ఆడవాళ్లందరికీ ఉండే మొహం.

మరిడమ్మ గిన్నె వదిలేసి టోపీ తీసేసింది. “లెగండే. లెగండి. నా కూతురు ఊరికే రాదు.” పక్కనున్నదాని చెయ్యి పట్టి లాగింది. “ఇందాకట్నుంచీ కళ్లు మండతన్నాయన్నారు కదే. బల్లలు కడిగే క్లోరిన్ నీళ్లనుకున్నాం. పదండి బయటికి.”

ఆ మాటకు వీరదుర్గ గిరుక్కున బల్లల వైపు తిరిగింది. కళ్లు మండుతున్నాయి. ఇందాకట్నుంచీ. వెనక గోడ వైపున్న బల్లల దగ్గర ఇద్దరు ముగ్గురు నిజంగానే కొంగుతో కళ్లు తుడుచుకుంటున్నారు, ఒకావిడ దగ్గుతోంది. బల్ల పొడుగునా ఆడవాళ్లు కదిలారు. ముందు మెల్లగా, తర్వాత వడిగా. సత్యవాణి తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ లెక్కబెట్టింది. మరిడమ్మ ఆఖరున వచ్చింది, వెనకబడిపోయిన ఆ దగ్గుతున్నావిడను నడిపించుకుంటూ. ఆ కొద్ది నిమిషాలు వీరదుర్గకు ఎంతసేపు అనిపించాయో చెప్పడం కష్టం. తల్లి గుమ్మం దాటేదాకా ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు.

అప్పుడు కంప్రెసర్ల గదికి బయటి దారిన పరిగెత్తింది. గది గుమ్మంలోనే నిలబడి చేతులూపి కేకలేస్తే ముసలయ్య చెవుల మీది కప్పులు తీశాడు.

“బాబాయ్, బరకం!”

“ఫోన్ రాలేదు గదమ్మా?” అంటూనే వెళ్లి లాగేశాడు.

బరకం ఇనప బీరువాను ఒక్కదాన్నే కప్పలేదు. పక్కనున్న గ్యాస్ పెట్టెను కూడా కప్పేసింది. పెట్టె మీద ఎర్ర దీపం వెలిగి ఆరుతోంది. దాని చిన్న గంట కూడా మోగుతూనే ఉంది. కంప్రెసర్ల హోరులో అది ఎవరి చెవికీ చేరే మోత కాదు. ముసలయ్య వంగి చూశాడు. అంకె చదివాడు. నడవాలో, హాలు గోడను ఆనుకున్న వాల్వుల దగ్గర, హెచ్చరిక గీత దాటి పైకి పోతోంది.

“నువ్వు బయటికి పో,” అన్నాడు. అంతే. గోడకున్న మాస్కు తగిలించుకుని, ఆ వరుసకు గ్యాస్ వచ్చే వాల్వు కట్టేసి, పంకాలు పూర్తిగా తిప్పి, తోడు మనిషిని పిలిచి, ఇద్దరూ నడవాలోకి వెళ్లారు. ఒక వాల్వు మెడ దగ్గర, గ్యాస్ కారకుండా చుట్టిన ప్యాకింగ్ అరిగిపోయి, సన్నగా చిమ్ముతోంది. చంపేంత కాదు, ఇంకా కాదు. ముసలయ్య తర్వాత చెప్పిన మాట అది. ఇంకో గంట అలాగే ఉండుంటే అని ఎవరో మొదలుపెడితే అతను చేతులు జోడించి ఆపేశాడు.

గేటు బయట కొబ్బరిచెట్ల నీడలో ఆడవాళ్లు మొహాలు కడుక్కున్నారు. దగ్గిన ఆవిడను కారులో ఆసుపత్రికి పంపారు. సాయంత్రానికి తిరిగొచ్చేసింది. గున్నేశ్వరరావు గారు చెట్టు కిందికి వచ్చి, వీరదుర్గను పిలిచారు.

“నేను చెప్పబట్టే కదమ్మా ఆ గీత అలా రాశావు?”

“మీరు చెప్పారండి. రాసింది నేను.”

ఆయన తల ఊపి లోపలికి వెళ్లిపోయారు. మర్నాడు ఉదయం సైరన్‌కు పెట్టె నుంచి నేరుగా తీగ లాగడానికి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ఉద్యోగం సంగతి ఎవరూ ఎత్తలేదు. వీరదుర్గ కొత్త స్విచ్‌కు దాని సొంత ఇంజిన్ ఐడీ ఇచ్చి, పేరూ పాస్‌వర్డ్‌లూ మళ్లీ పెట్టి, ఆ ఒక్క వరుసనూ ప్రోగ్రాంలోంచి తీసేసింది. జవాబు రాకపోతే ఖాళీ పడుతుంది, రెండు విడతలు రాకపోతే ఫోన్‌లో గంట మోగుతుంది. ఇదంతా ఒక గంట పని. అదే పని గురువారం పొద్దున్న చేయలేదన్నది ఆమె లోపల ఇంకా తొలుస్తూనే ఉంది.

శుక్రవారం సాయంత్రం తల్లీకూతుళ్లిద్దరూ కలిసి బండి మీద ఇంటికొస్తుంటే, రేవు దగ్గర వీరదుర్గ బండి ఆపేసింది. దిగి, తల్లి మొహం చూడకుండా, మొత్తం చెప్పింది. అయ్యగారు ఖాళీలు వద్దన్నారని పాత అంకెలు గీయించిన సంగతి, వాటిని చూసి తనే నమ్మి కూర్చున్న సంగతి, నాలుగు గంటల పాటు తనకు ఏమీ తెలియకుండానే అంతా బాగుందని చూపించిన సంగతి.

“నువ్వు లోపల ఉన్నావు అమ్మా. నేను గీత చూసి నవ్వుకున్నాను.”

రేవులో అవతలి ఒడ్డుకు వెళ్లే పంటు బయలుదేరబోతోంది, మనుషులు గబగబా ఎక్కుతున్నారు. మరిడమ్మ కళ్లు ఇంకా కొంచెం ఎర్రగా ఉన్నాయి.

“మీ నాన్న ఏటకెల్లినపుడు, కబురేవీ రాకపోతే, అందరూ వచ్చి బానే ఉంటాడులే అనేవోళ్లు,” అంది. “నాకు ఆ మాటకే ఒళ్లు మండేది. తెలీదని సెప్పండే అనిపించేది. తెలీదంటే నేను ఏదో ఒకటి సేసుకుందును కదా, ఇంకో పడవని పంపించుకుందును కదా.”

కూతురి చెయ్యి తీసుకుంది. ఐసు నీళ్లకు పగిలిన తల్లి వేళ్లు గరుకుగా ఉన్నాయి.

“నీకు తెలీనపుడు తెలీదని సెప్పు దుర్గమ్మా. మేం గిన్నెలొదిలేసి బయటికొచ్చేత్తాం. రేపు ఎనిమిదింటికి నేను మళ్లీ అదే బల్ల కాడ నిలబడాలి.”